జాయినింగ్ ఫారంలో ఆరోగ్యం కాలమ్

1989 మే నెల. ఎల్.ఐ.సి.లో అసిస్టెంట్ ఉద్యోగానికి రాత పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ దాటిన ఒక వివాహిత చేతికి ఒక డిక్లరేషన్ ఫారం వచ్చింది. మహిళా అభ్యర్థుల కోసం అందులో ప్రత్యేకంగా కొన్ని కాలమ్‌లు ఉన్నాయి. నెలసరి క్రమంగా వస్తుందా, నొప్పి ఉంటుందా, ఎన్నిసార్లు గర్భం దాల్చారు, గర్భస్రావాలు అయ్యాయా, చివరిసారి నెలసరి ఏ తేదీన వచ్చింది అని అడిగారు. ఆమె అన్నీ నింపింది. చివరి ప్రశ్నకు ఏప్రిల్ 29 అని రాసింది. సంస్థ ప్యానెల్‌లోని డాక్టరు పరీక్షించి ఫిట్ అన్నారు. శిక్షణ అయ్యాక సెప్టెంబరులో ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉద్యోగంలోకి తీసుకున్నారు.

1990 జనవరి 11న ఆమెకు కాన్పు అయింది. ప్రసూతి సెలవులో ఉండగానే, ఫిబ్రవరిలో ఉద్యోగం నుంచి తొలగిస్తూ ఉత్తరం వచ్చింది. కాన్పు జరిగిన నర్సింగ్‌హోమ్ రికార్డులో చివరి నెలసరి ఏప్రిల్ 3 అని ఉంది, ఫారంలోనేమో ఏప్రిల్ 29 అని రాసింది కాబట్టి ఆమె అబద్ధమాడిందని సంస్థ వాదించింది. ఉద్యోగం పోయింది 26 రోజుల తేడా మీద.

ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 అక్టోబరు 31న వెలువడిన ఆ తీర్పు నీరా మాథుర్ కేసుగా ప్రసిద్ధం. ఆమె ఏ తేదీ రాసిందన్న దాని మీదికంటే కోర్టు చూపు ఫారం మీదికే ఎక్కువగా వెళ్లింది. ఇలాంటి వివరాలు అడగడం స్త్రీని ఇబ్బంది పెట్టడమే కాదు, అవమానించేలా ఉందని, ఆ కాలమ్‌లను తీసేయడం మంచిదని చెప్పింది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలంది.

ఈ కేసు వయసు ముప్పై ఏళ్లు దాటింది. అయినా ఇవాళ ఆఫర్ లెటర్‌తో పాటు మెడికల్ ఫారం అందుకునే కుర్రాళ్ల మనసులో అవే రెండు సందేహాలు ఉన్నాయి. వీళ్లు ఇది అడగవచ్చా? అడిగితే నేను ఎంతవరకు చెప్పాలి?

పనికి ముడిపడిన ప్రశ్న

న్యాయమైన ప్రశ్న ఎలా ఉంటుందో తెలియాలంటే డ్రైవింగ్ లైసెన్సు కోసం ఆర్టీవో ఆఫీసులో మనం నింపే ఫారం 1 తీసి చూడండి. మనలో చాలామంది చదవకుండానే సంతకం పెట్టిన కాగితం అది. మూర్ఛ గానీ, ఏ కారణంగానైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గానీ ఉన్నాయా అని అందులో మొదటి ప్రశ్న. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలరా అని మరొకటి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, హారన్ లాంటి శబ్దాలు వినిపిస్తాయా, చేతులూ కాళ్లూ అదుపులో ఉంటాయా అని మిగతావి.

ఆ ప్రశ్నల్లో ప్రతిదాని వెనుకా బండి నడిపేటప్పుడు జరిగే ఒక పని కనిపిస్తుంది. ముందున్న బండి కనబడాలి, సిగ్నల్ రంగు తెలియాలి, వెనక హారన్ వినబడాలి, స్టీరింగ్ చేతిలో ఉండగా స్పృహ పోకూడదు. కళ్లద్దాలు పెట్టుకుని నంబరు చదివినా ఫారానికి అభ్యంతరం లేదు. మీ నాన్నగారికి గుండెజబ్బు ఉందా, మీకు పెళ్లయిందా అని అది అడగదు. వాటికీ స్టీరింగుకూ సంబంధం లేదు.

ఉద్యోగం విషయంలోనూ ఇదే కొలబద్ద. యజమాని తెలుసుకోవలసింది మూడే సంగతులు. ఈ పనిలో తప్పించలేని భాగాన్ని ఇతను చేయగలడా? చేసేటప్పుడు అతనికి గానీ, పక్కవాళ్లకు గానీ, సరుకు వాడే జనానికి గానీ ప్రమాదం ఉందా? చేయడానికి ఏదైనా ఏర్పాటు కావాలా? ఈ మూడింటిలో ఒకదానికి ఉపయోగపడే ప్రశ్న న్యాయమైనది. దేనికీ పనికిరాని ప్రశ్న కుతూహలం కిందికో, మనిషిని వదిలించుకునే సాకు కిందికో వస్తుంది.

అందుకే ఒకే ప్రశ్న ఒకచోట న్యాయం, ఇంకోచోట అన్యాయం అవుతుంది. రైల్వేలో లోకో పైలట్‌కు ఏ–1 అనే వైద్య తరగతి పెట్టి, కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు కావాలంటారు. రైలింజను నడిపే మనిషి దూరం నుంచే సిగ్నల్ రంగు గుర్తుపట్టాలి కాబట్టి అది సబబే. అదే రైల్వేలో ఆఫీసు గుమాస్తా పనికి అంత చూపు అడగరు, అక్కడ కళ్లద్దాలు చాలు. మందుల కంపెనీలకు వర్తించే షెడ్యూల్ ఎం నిబంధనలు ఉద్యోగంలో చేర్చుకునే ముందు కంటి పరీక్షతో సహా వైద్య పరీక్ష చేయాలని, టీబీ, చర్మవ్యాధులు, అంటువ్యాధులు లేవని చూసుకోవాలని చెబుతాయి. అక్కడ తయారయ్యే మాత్ర రోగి నోట్లోకి వెళ్తుంది. ఇంజెక్షన్ సీసాలో నలుసు పడితే దాన్ని పట్టుకోవలసింది మనిషి కన్నే. అక్కడ చర్మవ్యాధి గురించి అడగడం న్యాయం. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో కోడ్ రాసే ఉద్యోగానికి ఆ ప్రశ్న ఎందుకో అడిగినవాళ్లకే తెలియదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

ప్రైవేటు ఉద్యోగంలో చేరే ముందు ఏ ఆరోగ్య ప్రశ్నలు అడగకూడదో వరసగా చెప్పే ఒకే చట్టం మన దేశంలో లేదు. అలాంటి చట్టం ఉందనుకుని ఫారం మీద వాదనకు దిగితే తర్వాత ఇబ్బంది పడేది అభ్యర్థే. గీతలు వేర్వేరు చట్టాల్లో, తీర్పుల్లో విడివిడిగా ఉన్నాయి.

వాటిలో స్పష్టమైనది హెచ్.ఐ.వి. గీత. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వాలంటే హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోవాలని షరతు పెట్టడాన్ని అది నిషేధించింది. ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు కంపెనీ అయినా ఇదే నియమం. హెచ్.ఐ.వి. ఉందన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసేయాలంటే ఆ మనిషి వల్ల ఇతరులకు సోకే ప్రమాదం గణనీయంగా ఉందని గానీ, అతను ఆ పని చేయలేడని గానీ స్వతంత్రుడైన వైద్య నిపుణుడు రాతపూర్వకంగా తేల్చాలి. సంస్థ కూడా తనకెదురయ్యే ఇబ్బంది ఏమిటో రాసివ్వాలి. కాబట్టి మామూలు ఉద్యోగానికి రక్తపరీక్షల జాబితాలో ఎలీసా అని కనిపిస్తే, దాన్ని ఎందుకు పెట్టారని అడిగే హక్కు మీకుంది. మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు.

రెండో గీత వైకల్యం దగ్గర ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉద్యోగంలో వివక్ష చూపకూడదని, అవసరమైన సర్దుబాట్లు చేయాలని ప్రభుత్వ సంస్థలకు గట్టిగా చెప్పింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. సర్దుబాటు అనే మాట ఉత్తదే కాదని మన ఆర్టీసీ కేసు ఒకటి చూపించింది. 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు రంగులు గుర్తించడంలో లోపం ఉందని వైద్య పరీక్షల్లో తేలింది. సంస్థ ఆయనను ఇంటికి పంపేసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వమంది. బస్సు నడపలేని మనిషి డిపోలో ఇంకేదైనా చేయగలడా అని చూడకుండా పంపేయడం కుదరదన్నది ఆ తీర్పు సారం. రంగులు తెలుస్తాయా అని డ్రైవరును అడగడం తప్పు కాదు. జవాబు వినగానే తలుపు మూసేయడం తప్పు.

మూడోది గర్భం. నీరా మాథుర్ తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు గడిచాక, 2021 డిసెంబరు 31న స్టేట్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఉద్యోగానికి ఎంపికైన మహిళ మూడు నెలలు దాటిన గర్భిణి అయితే ఆమె తాత్కాలికంగా అనర్హురాలని, కాన్పయిన నాలుగు నెలల లోపు చేరవచ్చని అందులో ఉంది. దేశమంతా విమర్శలు రావడంతో నెల తిరగకముందే, జనవరి 29న, దాన్ని పక్కన పెట్టేశారు. బ్యాంకు కౌంటరులో చేసే పనికీ మూడో నెల గర్భానికీ ఏం సంబంధమో ఎవరూ చెప్పలేకపోయారు.

ఫారం ముందు కూర్చున్న కుర్రాడు

ఇక అభ్యర్థి వైపు నుంచి చూద్దాం. ఒక ఉదాహరణ కల్పించుకుందాం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన 24 ఏళ్ల కుర్రాడు. జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ విభాగంలో ఆఫర్ వచ్చింది. పదహారో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. న్యూరాలజిస్టు దగ్గర వైద్యం చేయించుకుంటూ రోజూ రెండుపూటలా మాత్ర వేసుకుంటున్నాడు. చివరిసారి ఫిట్స్ వచ్చి నాలుగేళ్లయింది. జాయినింగ్ రోజు పొద్దున హెచ్.ఆర్. ఆఫీసులో పది కాగితాల కట్టలో ఒక మెడికల్ ఫారం కూడా ఇచ్చి, అరగంటలో నింపి ఇమ్మన్నారు.

పక్కన కూర్చున్నవాళ్లు అన్ని గళ్లలోనూ "లేదు, లేదు" అని టిక్ పెట్టేస్తున్నారు. ఇతని పెన్ను మాత్రం మూడో ప్రశ్న దగ్గర ఆగింది. "మూర్ఛ గానీ, స్పృహ తప్పడం గానీ ఎప్పుడైనా ఉందా?"

ముందు ఆ ప్రశ్న న్యాయమైనదేనా అని చూడాలి. ప్రొడక్షన్ విభాగంలో రియాక్టర్లు రెండు అంతస్తుల ఎత్తులో ఉంటాయి. ఇనుప మెట్లెక్కి, జాలీ ప్లాట్‌ఫారం మీద నిలబడి, మూత తెరిచి పొడులు, ద్రావకాలు లోపలికి పోయాలి. టోల్యూన్ లాంటి ద్రావకాల దగ్గర ఒక నిప్పురవ్వ చాలు. నైట్ షిఫ్టులుంటాయి, నిద్ర చెడితే ఫిట్స్ తిరగబడే అవకాశం పెరుగుతుంది. అక్కడ స్పృహ తప్పితే పోయేది ఇతని ఒక్కడి ప్రాణమే కాకపోవచ్చు. కాబట్టి ఈ ఉద్యోగానికి ఆ ప్రశ్న న్యాయమైనదే.

"లేదు" అని టిక్ పెడితే ఏమవుతుంది? మొదటి రోజు ఏమీ కాదు. కానీ ఎప్పుడో ఒక రోజు క్యాంటీన్‌లో ఫిట్స్ వస్తాయి, లేదా ఏటా జరిగే వైద్య పరీక్షలో వాడే మందుల పేరు బయటపడుతుంది. అప్పుడు చర్చ అతని ఆరోగ్యం మీద జరగదు, సంతకం పెట్టిన అబద్ధం మీద జరుగుతుంది. మూర్ఛ ఉందని ఉద్యోగం తీసేస్తే కంపెనీ కారణం చూపాలి. తప్పుడు డిక్లరేషన్ ఇచ్చాడని తీసేస్తే ఆ కాగితమే కారణం. వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మూర్ఛ పేరుతో లేదు కాబట్టి అతనికి చట్టం అండ కూడా పలచనే. ఆ ఉన్న కాస్త అండనూ అబద్ధం పోగొడుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, భయపడి అంతా చెప్పేయడం కూడా పొరపాటే. పదహారేళ్లప్పుడు పరీక్ష హాల్లో పడిపోయిన సంగతి, అమ్మ మొక్కుకున్న మొక్కులు, వాడి మానేసిన నాలుగు రకాల మందులు, మేనమామకు కూడా ఇదే జబ్బు ఉండటం, ఇవన్నీ కాగితం మీద పెడితే చదివే హెచ్.ఆర్. ఉద్యోగికి మిగిలేది భయమే. అడిగినదాని కొలతకే జవాబు ఉండాలి.

సరైన జవాబు ఇలా ఉంటుంది. "ఉంది. వైద్యంలో అదుపులో ఉంది. గత నాలుగేళ్లుగా ఫిట్స్ రాలేదు. మందు క్రమం తప్పకుండా వాడుతున్నాను. పని పరిమితుల గురించి నా న్యూరాలజిస్టు ఇచ్చిన లేఖ జతపరిచాను. ఫ్యాక్టరీ డాక్టరుతో మాట్లాడటానికి సిద్ధం." ఆరు వాక్యాలు. ఇందులో అబద్ధం లేదు, అనవసరమైన కథా లేదు. జబ్బు పేరు తర్వాత వెంటనే ప్రస్తుత స్థితి వచ్చింది, ఆ తర్వాత పరిష్కారం వచ్చింది.

డాక్టరు లేఖలో ఏముండాలి

ఆ లేఖను జాయినింగ్ రోజు హడావుడిగా తెచ్చుకోలేరు. ఆఫర్ చేతికొచ్చిన వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఉద్యోగ వివరణ కాగితం తీసుకెళ్లాలి. "ఫిట్ అని రాసివ్వండి సార్" అంటే ఆయన ఒక లైను రాసిస్తారు, అది ఎవరికీ పనికిరాదు. "సార్, ఎత్తు మీద నిలబడి రియాక్టర్‌లో పోయాలంట, నెలలో పది రోజులు నైట్ డ్యూటీ అంట, నేను చేయవచ్చా?" అని అడగాలి.

అప్పుడు వచ్చే లేఖ వేరుగా ఉంటుంది. జబ్బు అదుపులో ఉంది, ప్రయోగశాల పని, ఆఫీసు పని చేయగలడు, ఎత్తు మీద పని, తెరిచి ఉన్న పాత్రల దగ్గర ఒంటరిగా పని, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం వద్దు, నిద్ర వేళలు మారని షిఫ్టు ఉండాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తాను అని ఉంటుంది. అలాంటి లేఖ చూసిన ఫ్యాక్టరీ డాక్టరుకు దారి కనిపిస్తుంది. ఇతన్ని ప్రొడక్షన్‌కు బదులు క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో, జనరల్ షిఫ్టులో వేయమని రాయవచ్చు. అదే డిగ్రీ, అదే ఫ్యాక్టరీ. మనిషి రియాక్టర్ మీద కాకుండా ల్యాబులో బల్ల ముందు ఉంటాడు. కంపెనీ ఒప్పుకోకపోవచ్చు కూడా, ల్యాబులో ఖాళీ లేదనవచ్చు. అయినా ఏడాది తర్వాత అబద్ధం రాశాడన్న ముద్రతో బయటికి రావడం కంటే, ఈ రోజే తెలిసిపోవడం మేలు.

ఆ లేఖ ఎవరి చేతికి వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. వైద్య వివరాలు ఫ్యాక్టరీ డాక్టరు ఫైల్లో ఉండాలి. సూపర్‌వైజరుకు, హెచ్.ఆర్.కు చేరవలసింది ఫలితం ఒక్కటే: ఫిట్, షరతులతో ఫిట్, లేదా ఈ పనికి ఫిట్ కాదు. షరతులుంటే ఆ షరతులు. జబ్బు పేరు లైన్‌లో పనిచేసే పదిమందికీ తెలియనక్కర్లేదు. కాబట్టి లేఖను కవర్లో పెట్టి, మీద "వైద్యాధికారికి మాత్రమే" అని రాసి ఇవ్వడం మంచి పద్ధతి.

మిగతా గళ్లు

అదే ఫారంలో ఇంకొన్ని ప్రశ్నలున్నాయనుకుందాం. "ప్రస్తుతం ఏ మందులు వాడుతున్నారు?" ఇది సగం న్యాయం. మత్తు కలిగించే మందు, కళ్లు తిరిగేలా చేసే మందు అయితే యంత్రాల దగ్గర పనికి సంబంధం ఉంది. ప్రతి మందు జాబితా కావాలంటే లేదు. అప్పుడు "పనిలో అప్రమత్తతపై ప్రభావం చూపే మందులేవీ వాడటం లేదు" అని, అది నిజమైతేనే, రాయవచ్చు. మన కుర్రాడి మాత్రకు మగతకు సంబంధం ఉందో లేదో డాక్టరు లేఖలోనే రాయించుకోవాలి.

"కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా?" దీనికీ రియాక్టర్‌కూ ముడి లేదు. తండ్రి జబ్బు కొడుకు పనికి అడ్డు కాదు. ఇలాంటి గడిని ఖాళీగా వదలడం కంటే "ఈ పనికి సంబంధించినది కాదని భావిస్తున్నాను" అని మర్యాదగా రాయడం నయం. ఖాళీ గడి దాచినట్టు కనిపిస్తుంది, రాసిన మాట ఆలోచించి చెప్పినట్టు ఉంటుంది. ఒకటి మాత్రం చేయకూడదు. అడగకూడని ప్రశ్న కదా అని దానికి అబద్ధం రాయకూడదు. నీరా మాథుర్ గెలిచింది నిజమే. కానీ ఆ గెలుపు కోసం సుప్రీంకోర్టు దాకా నడవవలసి వచ్చింది.

కొన్ని కంపెనీల ఫారంలో ప్రశ్నలే ఉండవు, చివర ఒక వాక్యం ఉంటుంది: "నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను, నాకు ఏ జబ్బూ లేదు." దీని మీద సంతకమే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే పంటి నొప్పి నుంచి షుగర్ దాకా అన్నీ అందులోకి వస్తాయి. సంతకానికి ముందు "నాకు తెలిసినంతవరకు, జతపరిచిన వివరాలు మినహా" అని చేత్తో రాసి తేదీ వేయండి.

"తెలిసినంతవరకు" అన్న మాటకు విలువ ఉంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగ ఫారాల్లో వివరాలు దాచడం గురించి మాట్లాడింది. అది ప్రభుత్వోద్యోగాల్లో పోలీసు కేసులు దాచిన వ్యవహారమే గానీ ఆరోగ్యం గురించి కాదు. అయినా అందులో చెప్పిన రెండు మాటలు ఇక్కడా ఆలోచించదగ్గవి. దాచాడని అనాలంటే ఆ సంగతి అభ్యర్థికి తెలిసి ఉండాలి. అసలు అడగని విషయాన్ని చెప్పలేదని శిక్షించకూడదు. అంటే ఫారంలో లేని ప్రశ్నకు మీ అంతట మీరే జవాబు రాయనక్కర్లేదు. మీ జబ్బు వల్ల పక్కవాళ్ల ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం అడగకపోయినా చెప్పాలి. ఆ చెప్పడం మనస్సాక్షి కోసం.

ఇన్సూరెన్సు ఫారంతో దీన్ని కలపకండి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సు కోసం అడిగే వివరాలు వేరే కాగితం. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు కూడా చేరిన రోజు నుంచే కవరేజీ ఉంటుంది. ఈఎస్ఐ పరిధిలోకి వచ్చే ఉద్యోగులకైతే చేరడానికి వైద్య పరీక్ష షరతే లేదు. ఇన్సూరెన్సు రాదేమో అన్న భయంతో మెడికల్ ఫారంలో దాచేవాళ్లు లేని భయానికి నిజమైన తప్పు చేస్తున్నారు.

ఎప్పుడు అడుగుతున్నారు

ఏమి అడిగారన్నది ఎంత ముఖ్యమో, ఏ దశలో అడిగారన్నదీ అంతే ముఖ్యం. ఈ సంగతి అమెరికాలో ఉన్న మన పిల్లలకు బాగా తెలుసు. అక్కడ 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం ఆఫర్ ఇవ్వకముందు అభ్యర్థి జబ్బుల గురించి, వైకల్యం గురించి అడగకూడదు. ఈ పని చేయగలరా, ఎలా చేస్తారు అని మాత్రమే అడగవచ్చు. ఆఫర్ ఇచ్చాక వైద్య పరీక్ష పెట్టవచ్చు, కానీ ఆ తరహా ఉద్యోగంలో చేరేవాళ్లందరికీ పెట్టాలి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి.

దీని వెనుక లెక్క చాలా మామూలుది. ఇంటర్వ్యూలోనే జబ్బు గురించి అడిగి, తర్వాత ఉద్యోగం ఇవ్వకపోతే కారణం ఏమిటో ఎవరికీ తెలియదు. మార్కులు తక్కువన్నారో, మాట నచ్చలేదన్నారో, షుగర్ చూసి భయపడ్డారో తేలదు. ఆఫర్ ఇచ్చి, మెడికల్ తర్వాత వెనక్కి తీసుకుంటే కారణం కళ్ల ముందే ఉంటుంది. దాని మీద ప్రశ్నించవచ్చు, ఇంకో డాక్టరు అభిప్రాయం తెచ్చుకోవచ్చు.

మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఆ వరసను పట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలో "ఏమైనా హెల్త్ ప్రాబ్లమ్స్ ఉన్నాయా?" అని ఎవరైనా అడిగితే, "ఈ పని గురించి మీరు చెప్పినదాని ప్రకారం నాకు ఇబ్బంది లేదు సార్, మెడికల్ దశలో ఏ వివరం కావాలన్నా ఇస్తాను" అనవచ్చు. అది నిజమైతేనే అనాలి. మన జడ్చర్ల కుర్రాడు ప్రొడక్షన్ ఇంటర్వ్యూలో అలా అనలేడు. అతను "ఎత్తు మీద పని విషయంలో నాకు ఒక పరిమితి ఉంది, మెడికల్‌లో కాగితాలతో చెబుతాను" అనాలి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల సంగతి వేరు. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే మనవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు ఆ దేశాలు వీసా కోసం పెట్టిన షరతులు. అక్కడ టీబీ మచ్చ కనిపించినా, హెచ్.ఐ.వి. ఉన్నా అన్‌ఫిట్ అంటారు. మన చట్టాన్ని చూపించి ఆ తలుపు తట్టలేం. అందుకే ఏజెంటుకు డబ్బు కట్టకముందే సొంతంగా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

రెండు వైపులా ఒక్కో పని

కంపెనీలు నడిపేవాళ్లకు ఒక మాట. మీ మెడికల్ ఫారం తీసి, ప్రతి ప్రశ్న పక్కనా అది మీ ఫ్యాక్టరీలో, ఆఫీసులో ఏ పని కోసమో ఒక ముక్క రాయండి. రాయలేకపోయిన ప్రశ్నలన్నీ కొట్టేయండి. నలభై ప్రశ్నల్లో పదే మిగిలితే ఆ పదికే నిజమైన జవాబులు వస్తాయి. ఏం రాస్తే ఏమవుతుందో అన్న భయం ఉన్నచోట జనం నలభైకీ "లేదు" అనే రాస్తారు.

ఉద్యోగంలో చేరబోయేవాళ్లు ఫారం మీద సంతకం పెట్టాక దాన్ని తిరిగి ఇచ్చేముందు ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి, డాక్టరు లేఖతో సహా. రేపు ఎవరైనా మీరు చెప్పలేదన్న రోజున, మీరు ఏం చెప్పారో చూపించడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.